కార్డు లేకుండా ఫోన్ బిల్లుకే ప్లే స్టోర్ ఖర్చు: కొన్నేళ్ల వాడకం తర్వాత

కడపలో మా ఇంట్లో రెండు రకాల సిమ్‌లూ ఉన్నాయి. నాది పోస్ట్‌పెయిడ్, అమ్మది ప్రీపెయిడ్. ప్లే స్టోర్‌లో కొన్నవాటి డబ్బు ఫోన్ బిల్లులోనో బ్యాలెన్స్‌లోంచో పోయే పద్ధతిని రెండింటి మీదా వాడి చూశాను. నాకు బాగా కలిసొచ్చింది గానీ అమ్మ నంబరుకు మాత్రం వద్దనే చెప్తాను.

పెట్టుకోవడం సులువే. ప్లే స్టోర్‌లో Payments & subscriptions, అందులో Payment methods తెరిస్తే, మీ కంపెనీకి ఆ సౌకర్యం ఉంటే దాని పేరుతో బిల్లింగ్ అని కనిపిస్తుంది. నొక్కితే నంబరు సరిచూసుకోవడానికి ఫోన్ తనంతట తానే ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. రెండు సిమ్‌లుంటే బిల్లు పడాల్సిన సిమ్ మొదటి స్లాట్‌లో ఉంచండి. యాప్‌లు, గేములు, నెలవారీ చందాల లాంటి వాటికే ఇది పనికొస్తుంది. ఇంటికొచ్చే సరుకులకు కుదరదు.

నా ఆన్‌లైన్ స్టోరేజీకి నెలకు 130 రూపాయలు. ప్లాన్ అద్దె, దాని మీద 18 శాతం జీఎస్టీ వేశాక, కింద వేరే వరుసలో సరిగ్గా ఆ 130 కనిపిస్తుంది. బిల్లు కట్టేటప్పుడు అంతా కలిపి ఒకేసారి కట్టేస్తాను.

ప్రీపెయిడ్‌లో సంగతి వేరు. డబ్బు మెయిన్ బ్యాలెన్స్ నుంచి పోవాలి. అన్‌లిమిటెడ్ ప్యాక్ ఎంత పెద్దదైనా మెయిన్ బ్యాలెన్స్‌లో ఏమీ చేరదు కాబట్టి, అందులో విడిగా డబ్బు లేకపోతే కొనుగోలు ఆగిపోతుంది. ప్యాక్ ఉంది కదా, ఎందుకు పోలేదురా అని అమ్మ అడిగింది కూడా. టాక్‌టైమ్ వేయిస్తే 100 రూపాయలకు చేతికొచ్చేది 81.75. ఆ లెక్కన 130 చందాకు దాదాపు 159 ఖర్చవుతుంది. ప్లే స్టోర్‌లో యూపీఐ ఉన్నప్పుడు ఆ 29 రూపాయలు ఊరికే ఎందుకు పోగొట్టుకోవాలి?

ఇంకోటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కార్డుకైతే ఓటీపీ అడ్డం ఉంటుంది. ఇక్కడ సిమ్ ఉన్న ఫోనే చాలు. మా అక్క కొడుకు గేములో వజ్రాలు కొంటూ పోతే, నెలాఖరు బిల్లు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తెలీలేదు. అందుకే ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా ముందే పెట్టండి. పొరపాటున కొన్నది 48 గంటల్లోపు గూగుల్‌నే వెనక్కి అడగండి. పోస్ట్‌పెయిడ్‌లో ఆ డబ్బు బిల్లులో తగ్గి కనపడటానికి రెండు బిల్లుల దాకా పట్టొచ్చు.

నంబరు వేరే కంపెనీకి మార్చేవాళ్లు మాత్రం, పోర్ట్ పెట్టకముందే చందాలకు యూపీఐ జతచేసుకోండి. పాత కంపెనీ బిల్లింగ్ పోయాక చందా డబ్బు కట్టుకాక ఆగిపోతుంది.