లండన్‌లో వీల్‌చైర్‌తో: ఇల్‌ఫర్డ్ నుంచి బ్రిటిష్ మ్యూజియం దాకా

లండన్ మెట్రో పటంలో స్టేషన్ల పక్కన వీల్‌చైర్ గుర్తు రెండు రకాలుగా కనిపిస్తుంది. నీలి గుండ్రంలో తెల్ల బొమ్మ ఉంటే వీధి నుంచి రైలు లోపలి దాకా మెట్టు లేదని అర్థం. తెల్ల గుండ్రంలో నీలి బొమ్మ ఉంటే ప్లాట్‌ఫారం వరకే హామీ. అక్కడి నుంచి రైల్లోకి ఎత్తు తేడానో, చక్రం ఇరుక్కునేంత సందో ఉండవచ్చు. ఏదో ఒక బొమ్మ ఉంది కదా అని బయలుదేరితే ఇబ్బంది ఎక్కేచోట కాదు, దిగేచోట ఎదురవుతుంది.

మా తమ్ముడి కుటుంబం లండన్ తూర్పు వైపున్న ఇల్‌ఫర్డ్‌లో ఉంటుంది. అక్కడి వరస ఇళ్లకు గుమ్మం దగ్గరే మెట్లు, స్నానాల గది మేడమీద. అందుకే దగ్గర్లో ఒక హోటల్ తీసుకున్నాను. గది బాగుంది, కాలు కింద గట్టు లేని షవర్ ఉంది. ముందు ద్వారానికి మాత్రం రెండు మెట్లు! వెనక కార్లు నిలిపేవైపు తలుపు నేలకు సమంగా ఉంది కానీ రాత్రి తాళం వేస్తారు. బెల్ కొట్టి చలిలో ఎదురుచూడాలి. గది బుక్ చేసేముందు స్నానాల గది ఫొటోతోపాటు వీధి గుమ్మం ఫొటో కూడా అడగండి.

ఇల్‌ఫర్డ్‌ను ఎంచుకోవడానికి అసలు కారణం ఎలిజబెత్ లైన్ అనే రైలు మార్గం. 2022లో మొదలైన ఈ మార్గంలో 41 స్టేషన్లలోనూ ప్లాట్‌ఫారం దాకా మెట్లు లేని దారి ఉంది. ప్యాడింగ్టన్ నుంచి వూలిచ్ దాకా కొత్తగా తవ్విన నడిమి భాగంలోనైతే ప్లాట్‌ఫారం, రైలు ఒకే ఎత్తు. ఇల్‌ఫర్డ్ పాత స్టేషన్ కాబట్టి అక్కడ సిబ్బంది ర్యాంపు వేయాలి. ముందురోజు చెప్పి ఉంచాల్సిన పనిలేదు. గేటు దగ్గర ఉద్యోగికి ఎక్కడ దిగుతానో చెప్పాను. ఆయన ర్యాంపు పట్టుకుని రైలు మధ్య పెట్టె ఆగే చోటికి తీసుకెళ్లాడు. వీల్‌చైర్ జాగా అక్కడే ఉంటుంది.

బ్రిటిష్ మ్యూజియానికి టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో దిగాలి. నడిమి భాగం కాబట్టి ఎవరి సాయమూ లేకుండా నేరుగా దొర్లుకుంటూ దిగిపోయాను. రెండు ద్వారాలున్న స్టేషన్ అది, వాటి మధ్య దూరం తక్కువేమీ కాదు. డీన్ స్ట్రీట్ వైపు కాక సెయింట్ జైల్స్ వైపు లిఫ్టు పట్టుకోవాలి. మ్యూజియం ముందు పెద్ద మెట్ల వరస చూసి గుండె జారిపోనక్కరలేదు, ఆ మెట్ల పక్కనే మనమే నడుపుకొనే లిఫ్టు ఉంది.

అక్కడి నుంచి వెస్ట్‌మిన్‌స్టర్‌కు 24వ నంబరు బస్సు. మన సిటీ బస్సుల మెట్లకు అలవాటుపడ్డవారికి ఇదే పెద్ద వింత. మధ్య తలుపు పక్కన బయట నీలి బటన్ ఉంటుంది. అది నొక్కితే డ్రైవర్ తలుపు మూసి ర్యాంపు బయటికి తెస్తాడు, ఎక్కాక వెనక్కి తిరిగి, వీపును మెత్తటి పలకకు ఆనించి కూర్చోవాలి. వీల్‌చైర్ వాడేవారికి టికెట్ లేదు. కుర్చీ వెడల్పు 70, పొడవు 120 సెంటీమీటర్లు దాటకూడదు. పెద్ద బ్యాటరీ కుర్చీలు తెచ్చేవారు ఇంట్లోనే టేపు పెట్టి కొలుచుకోవాలి.

బస్సులో ఒకే ఒక్క వీల్‌చైర్‌కు చోటు. అందులో ముందే మరొకరు ఉంటే తరువాతి బస్సే దిక్కు. పిల్లల బండి ఉంటే మాత్రం ప్రాధాన్యం మనదే. నేను ఎక్కేటప్పుడు ఒక తల్లి బండితో నిలబడి ఉంది. డ్రైవర్ మైకులో అడిగాడు, ఆమె కాసేపు తటపటాయించి బండి మడిచింది. నాకు మొహమాటం వేసింది. కానీ ఆ మొహమాటంతో స్టాపులోనే ఉండిపోయి ఉంటే చీకటి పడేది.

తిరుగు ప్రయాణంలో వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి జూబిలీ లైన్‌లో స్ట్రాట్‌ఫర్డ్‌కు వచ్చాను. ఆ ముక్క అంతా రైలుకు సమంగానే ఎక్కొచ్చు, దిగొచ్చు. స్ట్రాట్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ లైన్‌కు మారేటప్పుడు మళ్లీ ర్యాంపు అడగాలి. అక్కడి ఉద్యోగి ఇల్‌ఫర్డ్‌కు ఫోన్ చేసి నేను ఏ రైలు పెట్టెలో వస్తున్నానో చెప్పాకే నన్ను ఎక్కించాడు. ఆ ఫోన్ పూర్తయ్యేదాకా ఎక్కకండి, ఒక రైలు వెళ్లిపోయినా ఫరవాలేదు.

కోవెంట్ గార్డెన్ స్టేషన్ విషయం చెప్పాలి. అక్కడ లిఫ్టులున్నాయి, కానీ లిఫ్టు దిగాక ప్లాట్‌ఫారానికి మళ్లీ మెట్లే. ఆక్స్‌ఫర్డ్ సర్కస్, లెస్టర్ స్క్వేర్, పికడిల్లీ సర్కస్‌ల ప్లాట్‌ఫారాలకూ మెట్లు లేని దారి లేదు. ఆ ప్రాంతాలు చూడాలంటే టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లోనో, గ్రీన్ పార్క్‌లోనో దిగి బస్సెక్కడమే నయం. లిఫ్టులు పాడవడమూ మామూలే, అందుకే బయలుదేరేముందు లండన్ రవాణా సంస్థ వారి TfL Go యాప్‌లో ఆ స్టేషన్ పేరు తెరిచి ఆ రోజు లిఫ్టు పనిచేస్తోందో లేదో చూసుకునేవాడిని. దారి మధ్యలో ఆగిపోతే సిబ్బందిని అడగండి. నల్ల టాక్సీలన్నిటిలోనూ ర్యాంపు ఉంటుంది కానీ ఛార్జీ చూస్తే బస్సు మీద ప్రేమ పెరుగుతుంది.