క్రోమ్‌లో పాస్‌వర్డ్‌లు సేవ్ చేయొచ్చా? క్రోమ్, బిట్‌వార్డెన్ రెండూ ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా. ఫోన్ మీ ఒక్కరిదే అయి, స్క్రీన్ లాక్ ఉంటే క్రోమ్‌లో పాస్‌వర్డ్‌లు సేవ్ చేసుకోండి, ఏం భయం లేదు. అన్ని సైట్లకీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టడం కంటే, వాట్సాప్‌లో మనకి మనమే పంపుకొని దాచుకోవడం కంటే అది వంద రెట్లు నయం. కానీ విండోస్ లాప్‌టాప్, అందులోనూ ఇంట్లో అందరూ వాడేది అయితే నా సమాధానం వేరే. నేను చాలా ఏళ్లు క్రోమ్‌లోనే అన్నీ పెట్టుకున్నా, తర్వాత బిట్‌వార్డెన్ అనే పాస్‌వర్డ్ మేనేజర్‌కి, అంటే పాస్‌వర్డ్‌లు దాచడానికే ఉన్న యాప్‌కి, మారి ఇప్పటికీ అదే వాడుతున్నా, కాబట్టి రెండిటి గురించీ వాడిన అనుభవంతోనే రాస్తున్నా.

ఫోన్‌కీ లాప్‌టాప్‌కీ తేడా ఎందుకంటే, ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ దాచుకున్న ఫైళ్లని ఇంకో యాప్ మామూలుగా చదవలేదు. విండోస్‌లో అలా కాదు. క్రోమ్ పాస్‌వర్డ్‌లన్నీ `Login Data` అనే ఫైల్లో ఉంటాయి, ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటాయి, కానీ దాని తాళంచెవి పక్కనే `Local State` అనే ఇంకో ఫైల్లో ఉంటుంది. ఆ తాళంచెవిని మీ విండోస్ లాగిన్‌తో లాక్ చేసి పెడతారు. అంటే లాప్‌టాప్ ఎవరైనా ఎత్తుకెళ్లి మీ విండోస్ పాస్‌వర్డ్ తెలియకపోతే ఈ పద్ధతి బాగానే కాపాడుతుంది. కానీ మీరు లాగిన్ అయి ఉండగా మీ పేరు మీద ఏ ప్రోగ్రామ్ రన్ అయినా సరే, అది విండోస్‌ని అడిగితే విండోస్ ఆ తాళం తీసి ఇచ్చేస్తుంది, ఎందుకంటే దాని దృష్టిలో అడిగింది మీరే.

మా పిన్ని వాళ్లింట్లో జరిగింది ఇదే. మా తమ్ముడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ఒక వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ కోసం ఏదో వీడియో కింద ఉన్న లింక్‌లోంచి జిప్ ఫైల్ దింపాడు. ఆ జిప్‌కి పాస్‌వర్డ్ ఉంది, లోపలేముందో యాంటీవైరస్ చూడకూడదనే అలా పెడతారు, పైగా ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆఫ్ చేయమని కూడా అందులోనే రాసుంది. రన్ చేస్తే ఏదో ఎర్రర్ వచ్చింది, సాఫ్ట్‌వేర్ ఓపెన్ అవ్వలేదు, వాడు వదిలేశాడు. ఆ రాత్రే వాడి ఇన్‌స్టాలో క్రిప్టో పోస్టులు పడ్డాయి, మర్నాడు పిన్ని జీమెయిల్‌లోకి కూడా ఎవరో లాగిన్ అయినట్టు అలర్ట్ వచ్చింది. పిన్నికి అర్థం కాలేదు, "నాది వేరే ప్రొఫైల్ కదరా, వాడిది వేరు నాది వేరు" అంది. క్రోమ్ ప్రొఫైల్ వేరైనా విండోస్ యూజర్ ఒక్కటే అయినప్పుడు ఆ వేరు అనేది బుక్‌మార్కుల వరకే, దొంగ ప్రోగ్రామ్‌కి రెండు ప్రొఫైళ్లూ ఒకేలా కనిపిస్తాయి. నిజంగా వేరు చేయాలంటే ఒక్కొక్కరికీ విండోస్‌లో వేరే అకౌంట్ పెట్టాలి, పిల్లల అకౌంట్‌కి అడ్మిన్ హక్కులు ఇవ్వకూడదు.

తమ్ముడు అడిగింది ఇంకోటి, "ఓటీపీ పెట్టుకున్నా కదా అన్నా, ఎలా వచ్చారు?" అని. ఈ ప్రోగ్రామ్‌లు పాస్‌వర్డ్‌లతో పాటు కుకీలు కూడా పట్టుకుపోతాయి, అంటే మీరు ఆల్రెడీ లాగిన్ అయి ఉన్నారని సైట్‌కి చెప్పే గుర్తు, అది దొరికితే చాలా సైట్లు పాస్‌వర్డూ అడగవు, ఓటీపీ కూడా అడగవు. అందుకే ఆ లాప్‌టాప్ ముట్టుకోకుండా, శుభ్రంగా ఉన్న ఫోన్‌లోంచి ముందు ఇద్దరి గూగుల్ పాస్‌వర్డ్‌లు మార్చాం, మిగతా అన్నిటి రీసెట్ మెయిల్స్ వచ్చేది అక్కడికే కాబట్టి. తర్వాత డివైజ్‌ల లిస్టులో తెలియనివన్నీ సైన్ అవుట్ చేసి, బ్యాంకు, ఇన్‌స్టా, మిగతావి. లాప్‌టాప్ ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేశాం. అదే లాప్‌టాప్‌లో కూర్చుని పాస్‌వర్డ్‌లు మార్చి ఉంటే కొత్తవి కూడా వాళ్ల చేతికే వెళ్లేవి.

గూగుల్ ఏమీ చేయలేదని కాదు. 2024 జూలైలో క్రోమ్ 127తో విండోస్‌లో కొత్త రక్షణ తెచ్చారు, అడుగుతున్నది నిజంగా క్రోమేనా అని చూసి అప్పుడే తాళం తీసేలా, ముందు కుకీలకి మొదలుపెట్టారు. మంచి పని, కానీ కొన్ని వారాల్లోనే ఆ దొంగ ప్రోగ్రామ్‌లు అమ్మేవాళ్లు దాన్ని దాటే దారులు వెతికేశారు. కాబట్టి దీన్ని నమ్ముకుని క్రాక్‌లు వేయొద్దు.

బిట్‌వార్డెన్‌లో తేడా ఒక్కటే, కానీ పెద్ద తేడా. దాని తాళంచెవి, అది తెరవడానికి మీరు పెట్టుకునే మాస్టర్ పాస్‌వర్డ్‌లోంచి తయారవుతుంది, అది కంప్యూటర్‌లో పక్కన రాసి ఉండదు. వాల్ట్, అంటే పాస్‌వర్డ్‌లన్నీ ఉండే పెట్టె, లాక్ అయి ఉన్నప్పుడు ఫైల్ ఎత్తుకెళ్లినా ఊహించడం తప్ప దారి లేదు. అయితే ఎక్స్‌టెన్షన్ వేయగానే సెట్టింగ్స్‌లో వాల్ట్ టైమౌట్ చూడండి, బ్రౌజర్ మూసేదాకా తెరిచే ఉంచేలా ఉంటే తగ్గించేయండి, నేను పదిహేను నిమిషాలు పెట్టుకున్నా. ఇంకోటి కూడా చెప్పాలి, వైరస్ ఉన్న లాప్‌టాప్‌లో మాస్టర్ పాస్‌వర్డ్ టైప్ చేస్తే మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ రికార్డ్ చేసే కీలాగర్ దాన్నీ పట్టేస్తుంది, కుకీల దొంగతనాన్ని ఏ మేనేజరూ ఆపలేదు. మాస్టర్ పాస్‌వర్డ్ గట్టిగా ఉండాలి, 2022లో లాస్ట్‌పాస్ అనే ఇంకో పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి జనాల వాల్ట్ కాపీలే పోయాయి కదా, అలాంటప్పుడు మిమ్మల్ని కాపాడేది అదొక్కటే. సంబంధం లేని ఐదారు తెలుగు పదాలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి పెట్టుకోండి, పాట పల్లవి, సామెత మాత్రం వద్దు. మర్చిపోతే కంపెనీ కూడా తిరిగి ఇవ్వలేదు, కాబట్టి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

మారేటప్పుడు ఒక చోట జాగ్రత్త. `chrome://password-manager/settings` లోంచి ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చే ఫైల్ ఇలా మొదలవుతుంది:

```
name,url,username,password,note
```

కింద మీ పాస్‌వర్డ్‌లన్నీ మామూలు అక్షరాల్లో ఉంటాయి, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదివేయొచ్చు. బిట్‌వార్డెన్‌లోకి ఎక్కించి, నాలుగైదు సైట్లలో లాగిన్ అయి చూసి, వెంటనే షిఫ్ట్ డిలీట్ కొట్టండి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఏదైనా క్లౌడ్‌కి బ్యాకప్ అవుతుంటే అక్కడ కూడా. తర్వాత క్రోమ్‌లో ఉన్నవి తీసేసి, సేవ్ చేయాలా అని అడిగే ఆప్షన్ ఆఫ్ చేయాలి. చాలామంది ఇది వదిలేస్తారు, అప్పుడు పాత చోట కూడా అన్నీ అలాగే ఉండిపోతాయి, మారి లాభమేంటి.

రెండిటిలోనూ నాకు బాగా నచ్చేది దొంగ సైట్‌లో పాస్‌వర్డ్ నింపకపోవడం. అడ్రస్ ఒక్క అక్షరం తేడా ఉన్నా మన కంటికి తెలియదు, దానికి తెలుస్తుంది. ఆర్‌బీఐ చెప్పిన ప్రకారం 2025లో బ్యాంకులు `.bank.in` అడ్రస్‌లకి మారినప్పుడు నాకు పాత ఎంట్రీ నింపలేదు. అలాంటప్పుడు కాపీ పేస్ట్ చేసేయకుండా, బ్యాంకు యాప్‌లోనో పాస్‌బుక్ మీదో కొత్త అడ్రస్ సరిచూసుకుని, బిట్‌వార్డెన్‌లో అదే ఎంట్రీకి రెండో అడ్రస్‌గా కలిపా.

పిన్నికి, తమ్ముడికి లాప్‌టాప్‌లో బిట్‌వార్డెన్ పెట్టించా, కరెంటు బిల్లు, గ్యాస్ లాగిన్‌లు ఇద్దరూ ఫ్రీ ప్లాన్‌లోనే షేర్ చేసుకుంటున్నారు, ఇద్దరి వరకూ ఫ్రీయే. అమ్మకి మాత్రం మార్చలేదు, ఆమెకి ఉన్నది ఒక్క ఫోనే, లాప్‌టాప్ ముట్టుకోదు, ఇంకో పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమంటే అది పోయే ప్రమాదమే ఎక్కువ. ఆమె గూగుల్ అకౌంట్‌కి టూ స్టెప్ పెట్టి, రికవరీ నంబర్‌గా నాది ఇచ్చి, బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసి ఇచ్చా. నా ఫోన్‌లో బిట్‌వార్డెన్‌తో ఇప్పటికీ చిరాకు ఒకటుంది, కొన్ని యాప్‌లలో లాగిన్ బాక్స్ మీద నొక్కినా నింపే ఆప్షన్ రాదు, వెళ్లి కాపీ చేసుకురావాలి, ఈ విషయంలో గూగుల్‌ది ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.