గ్రాఫు పక్కన కారణం రాయించే షీటు: జతపరచడం మేలా, ఖాళీ గడి మేలా?

ఇంటర్ ఎకనామిక్స్ పిల్లలకు డిమాండ్, సప్లయి రేఖలు నేర్పేటప్పుడు మేం రెండు రకాల అభ్యాస షీట్లు ఇస్తుంటాం. మొదటి దాంట్లో ఎడమవైపు నాలుగు గ్రాఫులు, కుడివైపు నాలుగు వివరణలు ఉంటాయి. ఏ గ్రాఫుకు ఏ వివరణ సరిపోతుందో పిల్లలు గీత గీసి కలపాలి. రెండో దాంట్లో ఒక సంగతి మాత్రమే రాసి ఉంటుంది. పక్కన పాత రేఖలతో ఒక గ్రాఫు, దాని కింద ఖాళీ గడి. కొత్త రేఖ పిల్లలే గీసి, అలా ఎందుకు గీశారో గడిలో రాయాలి. నా ఓటు రెండోదానికే. అయితే ఆ ఖాళీ గడి ఎలా ఉండాలన్నదే అసలు విషయం. ఉత్త తెల్లగడి ఇస్తే అది కూడా జతపరిచే షీటు కన్నా పెద్దగా మేలేమీ కాదు.

ముందు జతపరిచే షీటు ఎక్కడ తేలిపోతుందో చూద్దాం. అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌నే తీసుకోండి. కార్తీక మాసం వస్తే గుళ్లకు, పూజలకు కాయ కావాలి కాబట్టి ధర పెరుగుతుంది. తోటలకు తెల్లదోమ పట్టి దిగుబడి పడిపోయినా ధర పెరుగుతుంది. రెండింట్లోనూ ధర పెరుగుదలే. కానీ మొదటిదాంట్లో డిమాండ్ రేఖ కుడికి జరిగింది, రెండోదాంట్లో సప్లయి రేఖ ఎడమకు జరిగింది. తేడా ఎక్కడ తెలుస్తుందంటే పరిమాణంలో. కార్తీకంలో ధరతో పాటు అమ్ముడయ్యే కాయలూ పెరుగుతాయి. తెల్లదోమ ఏడాదిలో ధర పెరిగి కాయలు తగ్గుతాయి. అంటే ధర ఒక్కటే చూసి ఏ రేఖ కదిలిందో ఎవరూ చెప్పలేరు, పరిమాణం కూడా చూడాలి.

జతపరిచే షీటులో పిల్లవాడికి ఈ ఆలోచనతో పని పడదు. వివరణలో ‘తెల్లదోమ’, ‘దిగుబడి’ అన్న మాటలు కనిపిస్తాయి, గ్రాఫులో సప్లయి రేఖ పక్కన బాణం కనిపిస్తుంది. రెండూ కలిపేస్తాడు. నాలుగులో మూడు కలిపాక నాలుగోది దానంతట అదే వచ్చేస్తుంది. మార్కులు నాలుగుకు నాలుగు. మర్నాడు ‘కార్తీకంలో ధర పెరిగింది కదా, మరి రైతులు ఎక్కువ కాయలు మార్కెట్‌కు తెచ్చారు. సప్లయి రేఖ ఏమైంది?’ అని అడిగితే ‘కుడికి జరిగింది సార్’ అంటాడు. జరగలేదు. ధర పెరిగినందుకు రైతు ఎక్కువ తెచ్చాడు, అది ఉన్న సప్లయి రేఖ మీదే పైకి కదలడం. తెలుగు పాఠాల్లో దీన్నే సప్లయి వ్యాకోచం అంటాం. రేఖ మొత్తం జరగాలంటే ఆ వస్తువు ధర కాకుండా వేరే ఏదైనా మారాలి: సాగు ఖర్చు, తెగులు, తుఫాను, సాంకేతికత లాంటివి.

ఈ ఒక్క తప్పు పట్టుకోవడానికే నేను ఖాళీ గడి షీటు వాడతాను. అందులో మా పిల్లలకు బాగా తెలిసిన రొయ్యల సంగతి ఒకటి పెడతాను. భీమవరం చుట్టుపక్కల చెరువు లేని ఊరు అరుదు కాబట్టి వనామీ అనే రొయ్య రకం, కిలోకు ఎన్ని రొయ్యలో చెప్పే కౌంట్, చెరువులో రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి అన్న మాటలు వాళ్లకు విడమరచనక్కర్లేదు. సంగతి ఇలా ఉంటుంది: 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. చెరువు గట్టు మీద రొయ్య ధరకు, పట్టుబడికి ఏమవుతుంది?

గీత గీసే ముందు ఏ మార్కెట్ గురించి మాట్లాడుతున్నామో తేల్చాలి. ఇక్కడ అమ్మేవాడు రైతు, కొనేది ప్రాసెసింగ్ ప్లాంటు. అమెరికాలో తినేవాళ్లు ఈ గ్రాఫులో లేరు. సుంకం పెరిగితే అక్కడికి పంపిన సరుకు మీద ప్లాంటుకు మిగిలేది తగ్గుతుంది. అందుకే గట్టు మీద ఏ ధరకైనా మునుపటి కంటే తక్కువే కొంటానంటుంది. కాబట్టి జరిగేది డిమాండ్ రేఖ, జరిగేది ఎడమకు. సప్లయి రేఖ ఉన్నచోటే ఉంటుంది. దీన్ని అంకెల్లో పెడితే ఇంకా తేటపడుతుంది. ఈ అంకెలు అభ్యాసం కోసం కట్టినవే, మార్కెట్ ధరలు కావు.

పాత సమతౌల్యం కిలో 260 రూపాయల దగ్గర ఉందనుకోండి. అక్కడ రోజుకు ప్లాంట్లు కొనేది 55 టన్నులు, రైతులు అమ్మేది 55 టన్నులు. ధర 20 రూపాయలు తగ్గితే ప్లాంట్లు 5 టన్నులు ఎక్కువ కొంటాయి, రైతులు 5 టన్నులు తక్కువ అమ్ముతారు. సుంకం దెబ్బకు ప్రతి ధర దగ్గరా ప్లాంట్లు కొనేది 20 టన్నుల చొప్పున తగ్గింది. ఇప్పుడు 260 దగ్గర ప్లాంట్లు అడిగేది 35, రైతుల దగ్గర ఉన్నది 55. రోజుకు 20 టన్నులు కొనేవాడు లేక మిగిలిపోతాయి. మిగులు ఉన్నంతకాలం ధర దిగుతుంది. 240 దగ్గర ప్లాంట్లు 40 అడుగుతాయి, రైతులు 50 తెస్తారు, ఇంకా 10 మిగులు. 220 దగ్గర రెండూ 45. ధర అక్కడ ఆగుతుంది.

ఇక్కడ చాలామంది పిల్లలు ఆగి ఆలోచించాల్సిన చోటు ఒకటుంది. డిమాండ్ రేఖ 20 టన్నులు జరిగింది, కానీ అమ్మకం తగ్గింది 10 టన్నులే. ఎందుకంటే ధర 40 రూపాయలు పడింది కాబట్టి ప్లాంట్లు కొంత తిరిగి కొన్నాయి. ఇది కొత్త డిమాండ్ రేఖ మీద కిందికి కదలడం. దీన్ని చూసి ‘ధర తగ్గింది కాబట్టి డిమాండ్ పెరిగింది, రేఖ మళ్లీ కుడికి’ అని రాసేవాళ్లున్నారు. అలా రాస్తే గానుగెద్దులా తిరగడమే తప్ప సమతౌల్యానికి చేరడం ఉండదు. జతపరిచే షీటులో ఈ తప్పు అసలు బయటపడదు, ఎందుకంటే అక్కడ పిల్లవాడు సొంతంగా ఒక్క వాక్యమూ రాయడు.

అందుకే ఖాళీ గడిని మూడు వరుసలు చేస్తాను. మొదటి వరుస: ఏ రేఖ, ఎటు, ఏ కారణంతో. రెండో వరుస: పాత ధర దగ్గర ఇప్పుడు మిగులు ఉందా, కొరత ఉందా, ఎంత. మూడో వరుస: కొత్త ధర, కొత్త పరిమాణం, జరగని రేఖ మీద కదలిక ఎటు. రెండో వరుస లేకపోతే పిల్లలు నేరుగా ‘డిమాండ్ తగ్గింది, ధర తగ్గింది’ అని రాసేస్తారు. అది కంఠతా మాట. ‘260 దగ్గర 20 టన్నులు మిగిలాయి, అందుకే ధర దిగింది’ అని రాసినవాడికి మాత్రం విషయం పట్టుబడినట్టే. అరవై మంది క్లాసులో అన్ని షీట్లూ పూర్తిగా దిద్దడం కష్టమన్న మాట నిజమే. టైం లేనప్పుడు నేను రెండో వరుస ఒక్కటే చదువుతాను. అది సరిగ్గా ఉంటే మూడోది తప్పడం అరుదు.

గ్రాఫు గీయించడంలో ఇంకో మేలుంది. రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చి సప్లయి తగ్గిందని గీయమంటే, చాలామంది గీసిన ఎడమ రేఖ కంటికి పాత రేఖకు పైన ఉన్నట్టు కనిపిస్తుంది. ‘రేఖ పైకి వెళ్లింది, సప్లయి పెరిగింది’ అని కింద రాస్తారు. బాణం ఎప్పుడూ అడ్డంగానే గీయమని చెప్పండి, ఒకే ధర దగ్గర పాత పరిమాణం నుంచి కొత్త పరిమాణానికి. ఈ చిన్న అలవాటుతో ఆ గందరగోళం చాలావరకు పోతుంది. ముద్రించిన గ్రాఫులో బాణం ముందే గీసి ఉంటుంది కాబట్టి ఈ తడబాటు టీచరు కంట పడనే పడదు.

రొయ్యల సంగతిలో ఒక చిక్కు ఉంది, షీటు తయారుచేసేవాళ్లు దాన్ని దాటేయకూడదు. పైన సప్లయి రేఖను కాస్త వాలుగా తీసుకున్నాం. కానీ సుంకం వార్త వచ్చేసరికి చెరువులో రొయ్య ఉండనే ఉంటుంది. రైతు కొన్నాళ్లు పట్టుబడి వాయిదా వేయగలడు గానీ, రోజూ మేత ఖర్చు, ఏరేటర్ల కరెంటు బిల్లు, రోగం భయం ఉంటాయి. అంటే ఆ కొద్ది వారాలకు సప్లయి రేఖ దాదాపు నిట్టనిలువుగా ఉంటుంది. పై అంకెల్లోనే సప్లయిని 55 టన్నుల దగ్గర నిలువు గీతగా గీయండి. కొత్త డిమాండ్ రేఖ దాన్ని 180 రూపాయల దగ్గర తాకుతుంది. ధర 220 దగ్గర ఆగాల్సింది 180 దాకా పడిపోతుంది, పట్టుబడి మాత్రం ఒక్క టన్నూ తగ్గదు. రైతుకు మొదటి దెబ్బ అంత గట్టిగా ఎందుకు తగులుతుందో ఈ నిలువు గీతలో కనిపిస్తుంది. తర్వాతి పంటకు కొందరు సీడ్, అంటే రొయ్య పిల్లలు, తక్కువ వేస్తారు, కొందరు చెరువు ఎండగడతారు. అప్పుడు ఆ నిలువు గీత ఎడమకు జరిగి ధర కొంత కోలుకుంటుంది. కాబట్టి ‘రైతులు తగ్గించారు కదా, సప్లయి ఎడమకు జరగాలి’ అన్న పిల్లవాడిది పూర్తిగా తప్పు కాదు, అతను వచ్చే పంట గురించి చెబుతున్నాడు. సంగతి పక్కన ‘ఈ పట్టుబడికి’ అనో ‘వచ్చే పంటకు’ అనో రాయకపోతే రెండు జవాబులూ నిలబడతాయి, మార్కులు వేయడం టీచరుకే తలనొప్పి.

జతపరిచే షీటును నేను పూర్తిగా తీసేయను. రేఖల పేర్లు, అక్షాలు ఇంకా అలవాటు కాని మొదటి రోజుల్లో అది చేతికి తేలిక, ధర నిలువు అక్షం మీద, పరిమాణం అడ్డ అక్షం మీద అన్నది కుదురుకుంటుంది. అయితే నాలుగు గ్రాఫులకు ఆరు వివరణలు ఇవ్వండి. ఆ మిగిలే రెండింట్లో ఒకటి ‘ధర పెరిగింది కాబట్టి సప్లయి రేఖ కుడికి జరిగింది’ అన్నదై ఉండాలి. ఏ గ్రాఫుకూ అతకని ఆ వాక్యాన్ని ఎందుకు వదిలేశారో ఒక ముక్క రాయించండి. అప్పుడు ఈ షీటుకూ పని ఉంటుంది.

పరీక్ష దగ్గరపడ్డాక మాత్రం ఖాళీ షీటే, అందులో చివరి సంగతి రెండు రేఖలూ కదిలేదిగా ఉండాలి. సుంకం పెరిగింది, అదే నెలలో మేత ధర కూడా పెరిగింది, వచ్చే పంటకు ఏమవుతుంది అని అడగండి. డిమాండ్ ఎడమకు, సప్లయి ఎడమకు. పరిమాణం కచ్చితంగా తగ్గుతుంది. ధర మాత్రం ఏ రేఖ ఎక్కువ జరిగిందన్న దాన్ని బట్టి పెరగొచ్చు, తగ్గొచ్చు, ఉన్నచోటే ఉండొచ్చు. పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు పిల్లలు వేరువేరు ధరలు గీసుకుని, ఇద్దరిదీ సరైనదేనని షీటులో రాసి ఇస్తే, దానికి పూర్తి మార్కులు వేయండి.