కోట్ లేని స్ట్రైక్‌కి ధర కట్టాలంటే: గీత, పారాబోలా, స్ప్లైన్, ఎస్‌వీఐలలో ఏది మేలు?

కొండాపూర్‌లో శనివారాలు నా దగ్గర కూర్చుని క్వాంట్ నేర్చుకునే జూనియర్లలో ఒకడు అడిగాడు: "అన్నా, స్ప్లైన్ ప్రతి కోట్ గుండా కచ్చితంగా పోతుంది కదా. ఇంక మిగతా పద్ధతులతో పనేముంది?" మంచి ప్రశ్న. మాటలతో కంటే లెక్కతో జవాబు చెబితేనే మనసుకెక్కుతుంది.

నిఫ్టీ ఆప్షన్స్‌ను పోలిన ఒక ఉదాహరణ అనుకుందాం. ఫార్వర్డ్ 25,000, ఎక్స్‌పైరీకి 30 రోజులు. వడ్డీని పక్కన పెడదాం. నమ్మదగ్గ కోట్లు ఐదు స్ట్రైక్‌లకే ఉన్నాయి. వాటి ఇంప్లైడ్ వొలటిలిటీలు ఇవి: 24,000 దగ్గర 15.6 శాతం, 24,500 దగ్గర 14.2, 25,000 దగ్గర 13.0, 25,500 దగ్గర 12.3, 26,000 దగ్గర 12.2. మనకు కావాల్సినవి రెండు ధరలు. ఒకటి కోట్ల మధ్యలో ఉన్న 24,750 పుట్‌కి, రెండోది కోట్లన్నిటికీ బయట ఉన్న 23,000 పుట్‌కి.

ధరల మధ్య నేరుగా గీత గీయకుండా ముందు వొలటిలిటీకి ఎందుకు మారతామంటే, స్ట్రైక్‌తో పాటు ధర చాలా వంపు తిరుగుతుంది, వొలటిలిటీ అంత తిరగదు. తక్కువ వంపు ఉన్నదాన్ని పూరించడం తేలిక. పూరించాక బ్లాక్ ఫార్ములాతో మళ్లీ ధరకు వస్తాం.

నాలుగు పద్ధతులతో వచ్చిన జవాబులు ఇవి. మొదటి వరుసలో పక్కపక్క కోట్లను గీతతో కలిపి, చివరి గీతను అదే వాలుతో బయటికి పొడిగించాను. పారాబోలా లీస్ట్ స్క్వేర్స్‌తో వేసింది.

| పద్ధతి | 24,750 వొలటిలిటీ | 23,000 వొలటిలిటీ | 23,000 పుట్ ధర |
|---|---|---|---|
| సరళరేఖ | 13.60 | 18.4 | ₹31 |
| పారాబోలా | 13.51 | 20.0 | ₹45 |
| క్యూబిక్ స్ప్లైన్ | 13.55 | 17.6 | ₹25 |
| ఎస్‌వీఐ | 13.55 | 18.4 | ₹31 |

24,750 దగ్గర నాలుగూ దాదాపు ఒకే మాట చెబుతున్నాయి. మరీ ఎక్కువ తేడా అంటే 0.09 శాతం, అంటే సుమారు 270 రూపాయల పుట్‌లో రెండున్నర రూపాయలు. కోట్లు శుభ్రంగా ఉంటే మధ్యలో ఏది వాడినా పెద్ద నష్టం లేదు. నేనైతే స్ప్లైనే వాడతాను. గీతకు ప్రతి కోట్ దగ్గరా మూల వస్తుంది, ఆ మూల వల్ల బటర్‌ఫ్లై ధరలు అక్కడ ఎగిరిపడతాయి.

అసలు తగాదా 23,000 దగ్గర. చివరి కోట్ వొలటిలిటీనే, అంటే 15.6నే, బయట కూడా అలాగే ఉంచేస్తే ఆ పుట్ 13 రూపాయలే. పారాబోలా 45 అంటోంది. ఒకే ఐదు కోట్ల నుంచి మూడింతలకు పైగా తేడా వచ్చింది. ఇంకా బయటికి వెళ్తే స్ప్లైన్ ఏం చేస్తుందో చూడండి:

```python
from scipy.interpolate import CubicSpline
K  = [24000, 24500, 25000, 25500, 26000]
iv = [15.6, 14.2, 13.0, 12.3, 12.2]
cs = CubicSpline(K, iv)
print(cs([23000, 21000, 20000]))   # 17.6, 8.6, -8.0
```

20,000 దగ్గర వొలటిలిటీ మైనస్ 8! `CubicSpline` ఎర్రర్ ఏమీ ఇవ్వదు. ఏమీ చెప్పకపోతే అది చివరి ముక్కలోని క్యూబిక్‌నే బయటికి పొడిగిస్తుంది. క్యూబిక్‌కి స్మైల్ అంటే ఏంటో తెలియదు కాబట్టి 22,800 దరిదాపుల్లో శిఖరం తాకి కిందికి దూకింది.

ఇంతకంటే టెన్షన్ పెట్టేది మరొకటి ఉంది. 24,000 కోట్ కాస్త పాతదై, 15.6కి బదులు 15.9 అని వచ్చిందనుకోండి. ఆ పుట్ ధరలో ఇది ఐదారు రూపాయల తేడా, సరిగా ట్రేడ్ కాని స్ట్రైక్‌లో మామూలే. 24,750 జవాబు దాదాపు కదలదు. కానీ 23,000 దగ్గర స్ప్లైన్ 17.6 నుంచి 20.9కి, 21,000 దగ్గర 8.6 నుంచి 38కి ఎగురుతుంది. పాయింట్లన్నిటి గుండా కచ్చితంగా పోవడం అంటే కోట్‌లో ఉన్న తప్పుతో సహా పోవడమే. మా వాడి ప్రశ్నకు నా జవాబు ఇదే. గీతను పొడిగించినా ఈ జబ్బు కొంత ఉంది: అదే మార్పుకు 18.4 కాస్తా 19.3 అవుతుంది. అయితే అది తట్టుకోదగ్గ తేడా.

పారాబోలా కోట్లకు బాగానే ఆనుతుంది, ఎక్కడా 0.1 శాతానికి మించి తప్పదు. అందుకే కొత్తవాళ్లు దాన్ని నమ్మేస్తారు. దాంతో వచ్చే పుట్ ధరలు మాత్రం ఒకసారి వరుసగా రాసి చూడండి. 22,000 పుట్ సుమారు 32 రూపాయలు, 21,000 పుట్ 33న్నర, 20,000 పుట్ 43. తక్కువ స్ట్రైక్ పుట్ ఎక్కువ స్ట్రైక్ పుట్ కంటే ఖరీదు కావడం అసాధ్యం. 20,000 పుట్ అమ్మి 22,000 పుట్ కొంటే చేతికి డబ్బు వస్తుంది, నష్టపోయే దారి ఒక్కటీ ఉండదు. మీ మోడల్ ఎదుటివాడికి ఉచితంగా డబ్బు పంచుతోందన్నమాట.

ఇక్కడే ఎస్‌వీఐ పనికొస్తుంది. మెరిల్ లించ్‌లో పుట్టిన ఈ పద్ధతిని జిమ్ గాథరల్ 2004లో బయటి ప్రపంచానికి పరిచయం చేశారు. ఇందులో వొలటిలిటీని కాకుండా మొత్తం వేరియన్స్‌ను, అంటే వొలటిలిటీ వర్గాన్ని కాలంతో గుణించినదాన్ని, ఫిట్ చేస్తాం. k అంటే స్ట్రైక్‌ను ఫార్వర్డ్‌తో భాగించగా వచ్చినదాని లాగ్:

```
w(k) = a + b*( rho*(k - m) + sqrt((k - m)^2 + sigma^2) )
```

మధ్యలో గుండ్రంగా తిరిగి, రెండు చివర్లా సరళరేఖగా సాగే ఆకారం ఇది. ఆ సరళరేఖే దీని బలం. ఆప్షన్ ధరల్లో ఆర్బిట్రేజ్ లేకుండా ఉండాలంటే చివర్లలో మొత్తం వేరియన్స్ k తో పాటు సరళరేఖ కంటే వేగంగా పెరగకూడదనీ, ఆ వాలు 2 దాటకూడదనీ రోజర్ లీ 2004లో నిరూపించారు. వొలటిలిటీనే పారాబోలాగా తీసుకుంటే వేరియన్స్ నాలుగో ఘాతంలా పెరుగుతుంది. ఆ వేగం వల్లే, వాలు ఇంకా 2కి చేరకముందే, అది 20,000 పుట్ దగ్గర పట్టుబడింది. మన ఐదు కోట్లకు వేసిన ఎస్‌వీఐ ప్రతి కోట్‌కూ 0.02 శాతం లోపలే ఆనింది. 22,000 దగ్గర 21.1, 20,000 దగ్గర 26 ఇచ్చింది, వాలు హద్దుకు చాలా కింద ఉంది.

అలాగని ఎస్‌వీఐని కళ్లు మూసుకుని వాడొద్దు. దానికి ఐదు పారామీటర్లు, మన దగ్గర ఐదే కోట్లు. ఈ పరిస్థితిలో అది కూడా స్ప్లైన్ లాగే కోట్‌లోని తప్పును మింగేస్తుంది. ఎనిమిది, పది కోట్లైనా ఉండాలి. బిడ్-ఆస్క్ తేడా ఎక్కువున్న కోట్‌కి తక్కువ బరువు ఇవ్వాలి. చివరి ట్రేడ్ ధర కాదు, బిడ్, ఆస్క్‌ల మధ్య విలువ తీసుకోవాలి. కోట్లు అంతకంటే తక్కువుంటే నేను మధ్యలో స్ప్లైన్ ఉంచి, బయట మొత్తం వేరియన్స్‌ను సరళరేఖగా పొడిగిస్తాను. ఆ వాలును చివరి రెండు కోట్ల నుంచి కాకుండా చివరి మూడు నాలుగు కోట్ల నుంచి తీసుకుంటాను.

వాలు 2 లోపల ఉన్నంత మాత్రాన ఎస్‌వీఐలో ఆర్బిట్రేజ్ లేనట్టు కాదు, గుండ్రంగా తిరిగే చోట కూడా అది దూరగలదు. అందుకే ఏ పద్ధతి వాడినా 50 పాయింట్లకొక స్ట్రైక్ చొప్పున పుట్ ధరలన్నీ లెక్కగట్టండి. స్ట్రైక్ పెరిగేకొద్దీ ధర పెరగాలి. పక్కపక్కనున్న ఏ మూడు స్ట్రైక్‌లు తీసుకున్నా, అటూ ఇటూ ఉన్న రెండు ధరల మొత్తంలోంచి మధ్య ధరకు రెట్టింపు తీసేస్తే మైనస్ రాకూడదు. ఎక్కడైనా వస్తే ఆ స్ట్రైక్‌కి ధర చెప్పకుండా ముందు ఫిట్‌ను సరిచేయండి.