దక్కన్ లావా పొరలు: వరదలా పారాయా, లోపలినుంచి ఉబ్బాయా? ఏ వివరణ మేలు?

హైదరాబాద్ నుంచి వికారాబాద్ వైపు వెళ్లివచ్చిన మిత్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. నగరంలోని గ్రానైట్ గుండ్లు వెనకబడి, అనంతగిరి చేరేసరికి కాళ్ల కింద నల్లని బసాల్ట్ కనిపిస్తుంది. దక్కన్ లావా పీఠభూమికి అది ఆగ్నేయపు అంచు. మహాబలేశ్వర్ దగ్గర ఇవే పొరలు ఒకదానిమీద ఒకటి పేరుకొని కిలోమీటరుకు పైగా మందం కట్టాయి. పదుల మీటర్ల మందం గల ఒక్కో పొర అంత దళసరిగా ఎలా తయారైందన్నదే వారి సందేహం. దీనికి ప్రధానంగా రెండు వివరణలున్నాయి.

మొదటిది వరద వివరణ. అమెరికాలోని కొలంబియా నది బసాల్ట్‌లను పరిశీలించి షా, స్వాన్సన్ 1970లో దీన్ని గట్టిగా ప్రతిపాదించారు. పగుళ్లలోంచి లావా విపరీతమైన వేగంతో ఎగజిమ్మి, సుడులు తిరుగుతూ పారి, రోజుల్లోనే వందల కిలోమీటర్లు కప్పేసి, అదే మందంతో నిలిచి చల్లబడిందని దీని సారాంశం. దీని బలం వేడి లెక్కలో ఉంది: నెమ్మదిగా పారితే లావా దారిలోనే గడ్డకట్టాలి కదా అన్న వాదన తేలిగ్గా కొట్టివేయదగ్గది కాదు.

రెండోది ఉబ్బుడు వివరణ. హవాయిలోని కలపన దగ్గర కిలావేయా లావాను దగ్గరగా కొలిచిన వారికి మరో దృశ్యం కనిపించింది. లావా మొదట జానెడో మూరెడో మందంతో నాలుకలా సాగుతుంది. కాగిన పాల మీద మీగడ కట్టినట్టు పైన పెంకు కడుతుంది. ఆ పెంకు కిందికి కొత్త లావా వచ్చి చేరుతూనే ఉండడంతో పైకప్పు మొత్తం మెల్లగా లేస్తుంది. ఇదే పద్ధతి మహా ప్రవాహాలకూ వర్తిస్తుందని 1990లలో స్టీఫెన్ సెల్ఫ్, తోర్దార్సన్ తదితరులు వాదించారు.

ఈ రెండింటి మధ్య తీర్పు చెప్పేవి రాతిలోని బుడగల గుల్లలేనని నా అభిప్రాయం. వికారాబాద్ దగ్గర ఒక పాత క్వారీ గోడలో నేను చూసిన పొర సుమారు 11 మీటర్ల మందం ఉంది. అట్టడుగున పెన్సిలంత సన్నని గొట్టాల్లాంటి గుల్లలు నిలువుగా లేచి ఉన్నాయి; మధ్యభాగం గుల్లల్లేని గట్టిరాయి; పైనున్న దాదాపు 5 మీటర్లు మాత్రం గుల్లలమయం. పైనుంచి కిందికి దిగేకొద్దీ ఆ గుల్లల సంఖ్య తగ్గి, పరిమాణం పెరిగింది. కొన్నింటిలో తెల్లని ఖనిజం నిండి, నల్లరాతిమీద సున్నపు చుక్కల్లా మెరుస్తున్నాయి.

హవాయి కొలతలనుంచి వచ్చిన సూత్రం ప్రకారం పైపెంకు మందం C మీటర్లైతే, అది కట్టడానికి పట్టే కాలం గంటల్లో ఇలా ఉంటుంది:

```
t = 164.8 × C²
```

5 మీటర్లకు 4,120 గంటలు, అంటే ఐదున్నర నెలలకు పైగా. వరదలా ఒక్కసారే వచ్చి నిలిచిపోయిన లావా అయితే, ఇంత కాలం గడిచేలోగా అందులోని బుడగలు ఎప్పుడో పైకి చేరిపోవాలి. ఐదో మీటరు దగ్గర గుల్లలు మిగలకూడదు. అక్కడ కూడా గుల్లలున్నాయంటే, ఆ మట్టం గడ్డకట్టే నాటికి లోపలికి వాయువు నిండిన తాజా లావా ఇంకా వస్తూనే ఉందని అర్థం. వర్షపు నీరు పగుళ్లలోకి దిగితే పెంకు త్వరగా పెరుగుతుంది కాబట్టి ఈ కాలాన్ని అంచనాగానే తీసుకోవాలి. కానీ నెలలు రోజులుగా మారేంత తేడా మాత్రం రాదు.

వేడి సందేహానికి కూడా సమాధానం ఆ పెంకులోనే ఉంది. హవాయిలో పెంకు కింది సొరంగాల్లో పారే లావా కిలోమీటరుకు సుమారు ఒక డిగ్రీ లేదా అంతకన్నా తక్కువే చల్లబడుతుంది. పెంకు మందమయ్యేకొద్దీ ఈ నష్టం ఇంకా తగ్గుతుంది. రాజమహేంద్రవరం దగ్గరి బసాల్ట్‌లు పడమటి కనుమల ప్రాంతంనుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు నదీలోయల వెంట పారి వచ్చాయని చెప్పేవారి వాదనకు ఇదే ఆధారం. కొలంబియా నది బసాల్ట్‌లలోని రోజా అనే లావా ప్రవాహం, దాదాపు 1,300 ఘనకిలోమీటర్లది, 6 నుంచి 14 ఏళ్లపాటు సాగి ఉంటుందని 1998లో లెక్కగట్టారు.

గరుకు రాళ్ల ఆఆ లావా, పల్లాల్లో నిండి నిలిచిన లావా చెరువులు కూడా అక్కడక్కడా ఉన్నా, పీఠభూమి మందాన్ని వాటితో వివరించలేం.

నేను ఉబ్బుడు పక్షమే అయినా, దాన్ని అన్ని పొరలకూ ఒకేలా అంటగట్టడం సరికాదు. పడమటి కనుమల్లోని కింది పొరల్లో చిన్న చిన్న నాలుకలు గుట్టలుగా పేరుకొని ఉంటే, పైనున్న వాయి ఉపవర్గం అనే పొరల సముదాయంలో వెడల్పాటి ఒంటి పలకలు ఎక్కువ, వాటిలో చాలావాటి నెత్తిన పగిలిన పెంకు ముక్కలు దట్టంగా పరుచుకొని ఉంటాయి. ఉబ్బుతున్న పెంకు కిందికి లావా ఒక్కసారిగా ఉధృతమై, పెంకును పగలగొట్టిందని అవి చెబుతున్నాయి; ఆ మేరకు అక్కడ వేగం వాదానికి కొంత చోటివ్వాల్సిందే.