విండోస్ డ్రైవరా, కంపెనీ ప్యాకేజీనా: మూడేళ్లు వాడాక

అమలాపురం గడియార స్తంభం దగ్గర నాది జిరాక్స్, ఫొటోల షాపు. ఇంకు ట్యాంకు ప్రింటరు ఒకటే, దానికి రెండు కంప్యూటర్లు. వైఫై కలపగానే విండోస్ తనే ఒక డ్రైవరు పెట్టేసుకుంది, ప్రింట్లూ వచ్చేశాయి. ఇంకేం కావాలని అలాగే వదిలేశాను.

గల్ఫ్ వెళ్లే ఒకావిడ ఫొటోలు పట్టుకుని తిరిగొచ్చారు. "బాబూ, ఏజెంటు గారు కొలత తప్పిందన్నారండి, జుట్టు దగ్గర నలుపు కూడా చేతికి అంటుకుంటోంది" అన్నారు. స్కేలు పెట్టి చూస్తే 35 మి.మీ. ఉండాల్సిన వెడల్పు 33 ఉంది, 45 ఉండాల్సిన ఎత్తు 42 దాటి కాస్త ఉంది. ఆవిడ ప్రయాణం దగ్గర పడింది, నాకు ఒకటే టెన్షన్.

కారణం డ్రైవరే. నా ప్రింటరుకి విండోస్ డ్రైవరులో అంచులు లేని ప్రింటు ఆప్షన్ రాలేదు. 4x6 కాగితానికి నాలుగు వైపులా 3 మి.మీ. వదిలి, బొమ్మ మొత్తాన్ని 94 శాతానికి కుదించింది. గ్లాసీ కాగితం అని చెప్పే చోటు కూడా లేదు. మామూలు కాగితం అనుకుని చిక్కటి పిగ్మెంట్ నలుపు వాడింది, అది గ్లాసీ పూతలోకి ఇంకదు, పైనే నిలబడి చెరిగిపోతుంది. ప్రింటరు కంపెనీ ఇచ్చే డ్రైవరులో గ్లాసీ అని ఎంచుకుంటే రంగు ఇంకులు కలిపి నలుపు తెస్తుంది. అదే ఫైలు అలా తీస్తే 35 x 45 సరిగ్గా వచ్చింది, ఆరాక వేలితో రుద్దినా చెరగలేదు. ఆవిడకి కొత్తవి డబ్బులు తీసుకోకుండా ఇచ్చాను.

అలాగని ప్యాకేజీ మొత్తం ఎక్కించడం నేను చేసిన రెండో తప్పు. డ్రైవరుతో పాటు స్కాను ప్రోగ్రాము, ఇంకు మట్టం చూపే కిటికీ, ఫొటో ఆల్బమ్, అప్‌డేటరు, సర్వే అన్నీ దిగాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషిన్, పొద్దున్నే ఆన్ చేస్తే ఫొటోషాప్ తెరుచుకునేసరికి కస్టమరు లేచి వెళ్లిపోయేవాడు. అన్నీ తీసేసి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు Custom ఎంచుకుని డ్రైవరు, స్కాను రెండే ఉంచాను. హెడ్ క్లీనింగ్ డ్రైవరులోని Maintenance ట్యాబులోనే ఉంది, దానికి వేరే ప్రోగ్రాము అక్కర్లేదు.

ముందు కౌంటరు కంప్యూటరుకి మాత్రం ఇప్పటికీ విండోస్ డ్రైవరే. ఆధార్, 1బి కాపీలు, హాల్ టికెట్లు, రెండు వైపులా ప్రింటు అన్నీ హాయిగా వస్తాయి. కాగితాల పని మాత్రమే ఉన్నవాళ్లు కంపెనీ సాఫ్ట్‌వేరు జోలికి వెళ్లనక్కర్లేదు. ఫొటోలు తీసేవాళ్లకి మాత్రం కంపెనీ డ్రైవరు తప్పదు.

ఒకసారి పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత అదే ప్రింటరు విండోస్ డ్రైవరుతో జాబితాలో రెండోసారి కనిపించి, డిఫాల్ట్ దాని మీదకి మారిపోయింది. అందుకే గ్లాసీ కాగితం పెట్టే ముందు Printer properties లో Advanced ట్యాబు చూస్తాను. డ్రైవరు పేరు Microsoft IPP Class Driver అని ఉంటే ఆ ప్రింటరుకి ఫొటో పంపను.