దుబాయ్ ఫొటో ఏ నెలదో తేల్చిన స్లైడర్: గూగుల్ ఎర్త్ ప్రోతో కొన్నేళ్ల అనుభవం

మా జగిత్యాల వైపు చాలా ఇళ్లలో గల్ఫ్ నుంచి వచ్చిన ఫొటోలు ఆల్బమ్‌ల నిండా ఉంటాయి. వెనక తేదీ ఉండదు. ఒక మూల ఎర్ర అంకెల్లో తేదీ పడినా, కెమెరాలో సెట్ చేయకపోతే అది ఏ పాత సంవత్సరమో చూపిస్తుంది కాబట్టి నమ్మలేం. అలాంటి ఫొటోల వెనక కడుతున్న భవనం ఏదైనా కనిపిస్తే, అది ఏ దశలో ఉందో చూసి నెలల తేడాలో తేదీ కట్టవచ్చు. అందుకు నేను కొన్నేళ్లుగా వాడుతున్నది గూగుల్ ఎర్త్ ప్రోలోని పాత ఉపగ్రహ చిత్రాల స్లైడర్. డెస్క్‌టాప్‌లో దించుకునే ఈ ప్రోగ్రామ్ 2015 నుంచి ఉచితం. పైన గడియారం గుర్తు నొక్కినా, View మెనూలో Historical Imagery ఎంచుకున్నా స్లైడర్ తెరుచుకుంటుంది.

ముందుగా చెప్పాల్సిన మాట ఏమిటంటే, ఈ స్లైడర్ ఫొటో తేదీని చెప్పదు. రెండు హద్దులు మాత్రమే ఇస్తుంది. ఫలానా రోజుకి ఆ గోడ లేవలేదు, ఫలానా రోజుకి దాని మీద స్లాబ్ పడిపోయింది అని చూపిస్తుంది. ఫొటోలో గోడ ఉండి స్లాబ్ లేకపోతే ఆ ఫొటో ఈ రెండింటి మధ్యది. ఆ మధ్య దూరాన్ని తగ్గించడమే మనం చేసే పని.

మా మేనమామ ఫొటో తీసుకుని ఇదంతా ఎలా నడుస్తుందో చెబుతాను. మామ దుబాయ్‌లో సెంట్రింగ్ పని చేశాడు. ఫొటోలో ఇసుక నేల మీద నిలబడి ఉన్నాడు. వెనక సగం కట్టిన బుర్జ్ టవర్. అప్పట్లో దాని పేరు బుర్జ్ దుబాయ్. 2010 జనవరి 4న ప్రారంభించిన రోజే బుర్జ్ ఖలీఫా అయింది. టవర్‌కి కుడివైపు, మామకి దగ్గరగా, మామూలు ఎత్తు భవనం ఒకటి. దాని పై అంతస్తులో స్తంభాలు నిలబడి ఉన్నాయి, వాటి మీద ఇంకా స్లాబ్ లేదు. మామ అక్కడ ఉన్నది నాలుగేళ్లు. ఈ ఫొటో ఏ ఏడాదిదో ఆయనకి గుర్తు లేదు. "పైన ఇంకా కాంక్రీటే పోస్తున్నరు, ఇనుపది ఎక్కలే" అని మాత్రం గట్టిగా చెప్పాడు.

ఆ ఒక్క మాటతో చాలా పని జరిగింది. ఇలాంటి పేరున్న కట్టడమైతే స్లైడర్ తెరవకముందే అందరికీ తెలిసిన నిర్మాణ చరిత్రను పక్కన పెట్టుకోవాలి. బుర్జ్‌కి 2004 జనవరిలో తవ్వకం మొదలైంది, 2005 మార్చికి కట్టడం నేల పైకి వచ్చింది, 2006 జూన్‌కి 50వ అంతస్తు చేరింది. కింది భాగానికి అద్దాలు బిగించడం 2007 మేలో మొదలైంది. కాంక్రీటు భాగం 600 మీటర్లకు కాస్త పైన, 156వ అంతస్తు దగ్గర ఆగుతుంది. అక్కడికి కాంక్రీటు పంపు చేసింది 2007 నవంబర్‌లో. దాని పైనంతా ఉక్కు. మామ ఫొటోలో కింద అద్దాలు మెరుస్తున్నాయి, పైన ఉక్కు లేదు. అంటే 2007 మే, నవంబర్ల మధ్య. ఇంట్లో నాలుగేళ్ల సందేహం ఆరు నెలలకి దిగింది. ఇక్కడి నుంచి స్లైడర్ పని.

చాలామంది ఈ దశలో టవర్‌నే జూమ్ చేస్తారు. నా అనుభవంలో ఉపగ్రహ చిత్రంలో ఎత్తైన టవర్ కన్నా దాని పక్కన ఉన్న చిన్న భవనమే ఎక్కువ చెబుతుంది. ఉపగ్రహం సరిగ్గా నెత్తి మీద నుంచి తీయదు, కొంచెం వాలుగా తీస్తుంది. 20 డిగ్రీల వాలు ఉంటే 500 మీటర్ల కట్టడం కొస, దాని అడుగు నుంచి 180 మీటర్ల దూరంలో పడినట్టు కనిపిస్తుంది. ఒక చిత్రంలో తూర్పుకి వాలితే ఇంకో చిత్రంలో పడమరకి వాలుతుంది. పైభాగాన్ని రెండు తేదీల్లో పోల్చబోతే తికమకే మిగులుతుంది. ఐదారు అంతస్తుల భవనం అంతగా వాలదు, పైకప్పు చదునుగా, స్పష్టంగా ఉంటుంది.

పైకప్పు చూడటంలో కొంచెం అలవాటు కావాలి. సెంట్రింగ్ ప్లైవుడ్ పరిచి ఉంటే గోధుమ రంగు కనిపిస్తుంది. స్లాబ్ పోశాక బూడిద రంగుకి తిరుగుతుంది. దాని మీద చుక్కల వరస కనిపిస్తే తర్వాతి అంతస్తు స్తంభాలు లేచాయన్నమాట. నీళ్ల ట్యాంకులు, ఏసీ యంత్రాలు వచ్చాయంటే కట్టడం దాదాపు పూర్తయింది. ఇవి వెనక్కి తిరగని మార్పులు, వీటినే హద్దులుగా పెట్టుకోవాలి. క్రేన్లు, ఇసుక కుప్పలు, రేకుల షెడ్లు, లారీలు ఇవాళ ఉండి రేపు పోతాయి, మళ్లీ వస్తాయి. వాటిని నమ్మి తేదీ కట్టకూడదు.

మామ నిలబడ్డ చోటు పట్టుకోవడానికి బుర్జ్ ఆకారమే సాయపడింది. పై నుంచి చూస్తే అది మూడు రెక్కల భవనం. ఫొటోలో ఏ రెండు రెక్కలు కనిపిస్తున్నాయో, ఏది ఎంత వెడల్పుగా ఉందో చూస్తే ఏ దిక్కు నుంచి తీశారో అర్థమవుతుంది. ఆ దిక్కులో టవర్ అంచు, చిన్న భవనం మూల ఒకే గీత మీద పడేలా Ruler అనే స్కేల్ సాధనంతో గీత గీశాను. ఆ గీత మీద ఎక్కడో కెమెరా ఉంది. దాంతో చిన్న భవనం ఏదో ఖాయమైంది. ఈ పని చేయకుండా నేరుగా పోల్చడం మొదలుపెడితే, ఒకేలా ఉండే నాలుగు భవనాల్లో ఏదో ఒకదాన్ని పట్టుకుని తప్పు హద్దులు తెచ్చుకునే ప్రమాదం ఉంది.

తర్వాత స్లైడర్‌ని దాని మీది ఒక్కో చిత్రం తేదీ గీతకి జరుపుతూ ఆ పైకప్పునే చూశాను. ఒక చిత్రంలో కింది స్లాబ్ ఖాళీగా ఉంది. ఆ తర్వాత దొరికిన చిత్రంలో ఫొటోలో స్తంభాలు ఉన్నచోట కొత్త స్లాబ్ పరుచుకుని ఉంది. ఈ రెండు చిత్రాల వల్ల వేసవి నెలలు పక్కకి తప్పుకున్నాయి. సెప్టెంబర్ నుంచి నవంబర్ వరకు మిగిలింది.

ఇంకా దగ్గరికి రావడానికి ఫొటోలో మామ నీడ పనికొచ్చింది. అది మధ్యాహ్నం భోజనం వేళ తీసిన ఫొటో అని మామ, పక్కనున్న ఆయన స్నేహితుడు ఇద్దరూ చెప్పారు. నీడ మనిషి ఎత్తులో దాదాపు మూడింట రెండు వంతులు ఉంది. దుబాయ్‌లో నడిమధ్యాహ్నం సెప్టెంబర్ మధ్యలో నీడ ఎత్తులో సుమారు 0.4 వంతు, అక్టోబర్ మధ్యలో 0.67, నవంబర్ మధ్యలో దాదాపు మనిషంత. కాబట్టి ఇది అక్టోబర్ ఫొటో. ఫిబ్రవరి చివర కూడా నీడ సరిగ్గా ఇంతే పడుతుంది. నీడ ఒక్కటే ఉంటే ఈ రెండింటిలో ఏదో తేలదు. నిర్మాణ చరిత్ర, స్లైడర్ ఇచ్చిన హద్దుల వల్లే ఫిబ్రవరి పోయింది. మా అత్తమ్మ మాత్రం చిన్న పాప పుట్టకముందే, దీపావళికి ముందే ఈ ఫొటో ఇంటికి వచ్చిందని మొదటి నుంచీ అంటోంది. ఆ ఏడు దీపావళి నవంబర్ 9న. ఆమె మాట లెక్కకి సరిపోయింది.

ఉపగ్రహ చిత్రంలోనూ నీడతో టవర్ ఎత్తు కొలవవచ్చు. చిత్రం తీసిన గంట గూగుల్ ఎర్త్ చూపించదు కాబట్టి సూర్యుడి కోణం తెలియదు. అందుకని అదే చిత్రంలో ఎత్తు తెలిసిన ఇంకో భవనాన్ని కొలబద్దగా పెట్టుకోవాలి. అక్కడికి రెండు మూడు కిలోమీటర్లలో 355 మీటర్ల ఎమిరేట్స్ ఆఫీస్ టవర్ ఉంది, 2000 నాటికే పూర్తయింది. ఉదాహరణకు ఒక చిత్రంలో దాని నీడ 210 మీటర్లు, బుర్జ్ నీడ 328 మీటర్లు వచ్చాయనుకుందాం. 328ని 355తో గుణించి 210తో భాగిస్తే సుమారు 554 మీటర్లు. బుర్జ్ 555 మీటర్లు దాటింది 2007 సెప్టెంబర్ 12న, 509 దాటింది జూలై 21న. అంటే ఆ రోజుల్లో రోజుకి మీటరు లోపు పెరిగింది. కొలతలో 10 మీటర్ల తేడా వస్తే తేదీలో పది పన్నెండు రోజుల తేడా వస్తుంది. నీడ కొస పక్క భవనం మీద పడితే పొట్టిగా కనిపిస్తుంది, అప్పుడు ఈ లెక్క పనికిరాదు. 2008 తర్వాతి చిత్రాల్లో సన్నటి ఉక్కు కొస నీడ అంత దూరంలో చెదిరి మసకబారుతుంది, దాన్ని కొలవడం కష్టం.

ఇక స్లైడర్‌లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే విషయం తేదీ. పైన స్లైడర్ చూపించే తేదీ వేరు, కింద Imagery Date అని కనిపించేది వేరు కావచ్చు. స్లైడర్ ఉన్న తేదీకి ఆ చోట చిత్రం లేకపోతే అంతకుముందుది చూపిస్తుంది. రెండు చిత్రాలు అతుక్కున్న చోట రోడ్డుకి అటు ఒక తేదీ, ఇటు ఒక తేదీ ఉంటుంది. కాబట్టి కర్సర్‌ని భవనం మీదే పెట్టి, బాగా జూమ్ చేసి, కింది తేదీనే రాసుకోవాలి. చాలాసార్లు నెల ముందు, రోజు తర్వాత వస్తుంది. 9/12/2007ని మన అలవాటులో డిసెంబర్ 9గా చదివితే మూడు నెలలు తప్పుతాం. డిసెంబర్ చివరి రోజు తేదీ వేసి, చిత్రం మసకగా ఉంటే అది ఏడాది మొత్తానికి కలిపి అల్లిన చిత్రం, హద్దుగా పెట్టుకోకూడదు. ఒక తేదీ నుంచి ఇంకో తేదీకి చిత్రం మొత్తం కొన్ని మీటర్లు పక్కకి జరగడం కూడా మామూలే. గుర్తు పెట్టిన పిన్ కన్నా దగ్గరి రోడ్డు కూడలిని ఆధారంగా తీసుకోవడం మేలు.

2014 తర్వాతి ఫొటోలకి మ్యాపుల కంపెనీ ఎస్రీ వాళ్ల పాత ఉపగ్రహ చిత్రాల సైట్ వేబ్యాక్ బాగా పనికొస్తుంది. అందులో జాబితాలో కనిపించేది చిత్రాన్ని విడుదల చేసిన తేదీ. తీసిన తేదీ కావాలంటే చిత్రం మీద నొక్కి చూడాలి. బుర్జ్ కాలానికి అది అక్కరకు రాదు. ఇంకా కొత్త కట్టడాలకి నేను యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు చూస్తాను. అవి ఐదు రోజులకోసారి వస్తాయి, కానీ చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు. హైదరాబాద్‌లో 2020 జూలైలో పాత సచివాలయం కూల్చివేత, ఆ తర్వాత 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన కొత్త భవనం లాంటి పెద్ద పనులు అందులో తెలుస్తాయి, స్తంభాలు తెలియవు. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులు అడ్డొచ్చి ఆ నెలల్లో హద్దుల మధ్య దూరం పెరిగిపోతుంది. దుబాయ్ ఆకాశం ఏడాదిలో ఎక్కువ రోజులు తేటగా ఉంటుంది కాబట్టి అక్కడి ఫొటోలకి ఆ టెన్షన్ తక్కువ.

గల్ఫ్ ఆల్బమ్‌లు ఉన్నవాళ్లకి నేను గూగుల్ ఎర్త్ ప్రోనే ముందు సూచిస్తాను. 2004 తర్వాత దుబాయ్, అబుదాబి, దోహా వంటి నగరాలకి దగ్గర దగ్గర తేదీల్లో చిత్రాలు దొరుకుతాయి. మన జిల్లాల్లోని చిన్న ఊళ్లకి మాత్రం రెండు చిత్రాల మధ్య ఏళ్లకేళ్లు ఖాళీ ఉంటుంది. అలాంటి చోట ఇల్లు కట్టిన సంవత్సరం చెప్పగలం గానీ, నెల చెప్పలేం.